సమయానికి అద్దె కట్టేవాళ్ళకు ఈ ఏడాది పెంచకుండా రెన్యువల్: మెసేజ్ ఎలా రాయాలి?

పైఅంతస్తు_పద్మ | జూలై 3, 2025, రాత్రి 9:12

నిజాంపేటలో మాకు మూడంతస్తుల ఇల్లు ఉంది. పైన మేముంటాం, కింద రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం. మొదటి అంతస్తు వాళ్ళు 2022 డిసెంబరు 1న దిగారు. భార్యాభర్తలు, ఒక పాప. 20,000తో మొదలైంది. అగ్రిమెంటులో ఉన్నట్టు పదకొండు నెలలకోసారి ఐదు శాతం పెంచుతూ వచ్చాం. పోయినసారి పైన వచ్చిన యాభై వదిలేశాం కాబట్టి ఇప్పుడు 22,000.

ఇన్ని నెలల్లో అద్దె ఒక్కసారి కూడా ఐదో తారీఖు దాటలేదు. సాధారణంగా ఒకటో తారీఖు పొద్దున ఏడింటికి, నేను పాల ప్యాకెట్ కత్తిరించేలోపే ఫోన్ మోగుతుంది. పోయినేడు ఆయన ఉద్యోగం మారినప్పుడు నెలన్నర జీతం రాలేదట. ఆ సంగతి ఎప్పుడో తర్వాత వాళ్ళ పాప మాటల్లో బయటపడింది. అద్దె మాత్రం ఆగలేదు.

ఆగస్టు 31తో అగ్రిమెంటు అయిపోతుంది. ఈసారి పెంచొద్దని నేనూ మావారూ అనుకున్నాం. "మెట్ల మీద కనిపించినప్పుడు చెప్తే పోలా" అంటారు ఆయన. నాకేమో రాసి పంపాలని ఉంది. ఇలా రాశాను, చూసి చెప్పండి:

"మీలాంటి వాళ్ళు దొరకడం మా అదృష్టం. మీరు మా ఇంటి మనుషుల్లాంటి వాళ్ళు. ఎంతకాలమైనా మీ సొంతిల్లు అనుకుని ఉండండి. మీకు అద్దె పెంచం. అగ్రిమెంటు దానంతటదే పొడిగించినట్టు అనుకోండి."

టులెట్_బాధితుడు | జూలై 3, రాత్రి 9:40

అక్కా, మీ కింద పోర్షన్ ఖాళీ అయితే ముందు నాకు చెప్పండి.

ఆరేళ్ళలో నాలుగిళ్ళు మారాను. నేనూ ఒకటో తారీఖుకే వేసేవాడిని. ప్రస్తుతం ఉన్న ఇంటి ఓనరు రెన్యువల్‌కి పది రోజుల ముందు ఫోన్ చేసి "మూడు వేలు పెంచుతున్నాం, కుదరకపోతే చెప్పండి, చూసుకునేవాళ్ళున్నారు" అన్నారు. అంతకుముందాయన ఇంకో రకం. అద్దె పెంచలేదు గానీ ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏకి పాన్ నంబరు అడిగితే ఇవ్వనన్నాడు. ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ ఇవ్వాల్సిందేనని మా ఆఫీసువాళ్ళు, ఇవ్వనని ఆయన. మధ్యలో నేను.

మీ మెసేజ్ బాగుంది, మార్చకండి.

మారేడుపల్లి_మాట | జూలై 3, రాత్రి 10:05

మార్చకండి ఏంటండీ? అసలు పంపకండి. మేడమ్, రాతలో "సొంతిల్లు అనుకుని ఉండండి" అన్నాక ఇంకేం మిగిలింది? పదకొండు నెలల అగ్రిమెంటు ఎందుకు పెట్టారో తెలుసా? ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి. పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో ఉంటే ఇల్లు వాళ్ళదైపోతుంది. అందుకే మా నాన్నగారు మూడేళ్ళకోసారి అద్దెవాళ్ళను మార్చేసేవారు. పొగిడితే నెత్తికెక్కుతారు కూడా. ఐదు శాతం పెంచండి, పండక్కి స్వీట్ బాక్స్ ఇవ్వండి, అయిపోతుంది.

బీరంగూడ_శ్రీను | జూలై 3, రాత్రి 10:31

మీ ఓనరు పెంచనంటే అంతకంటే ఏం కావాలండీ? కానీ నోటి మాట నమ్మొద్దు, కాగితం మీద రాయించుకోండి. నాకు నోటితో "పెంచను" అని చెప్పి, అగ్రిమెంటులో మాత్రం పాత వాక్యమే ఉంచేశారు. చూసుకోకుండా సంతకం పెట్టేశాను. రెండు నెలలయ్యాక కాగితం చూపించి బాకీతో సహా అడిగారు.

పైఅంతస్తు_పద్మ | జూలై 3, రాత్రి 10:38

శ్రీను గారూ, ఓనరును నేనేనండీ :) కానీ మీరు చెప్పింది నాకూ పనికొచ్చేదే. మా కాగితంలో కూడా "ప్రతి పదకొండు నెలలకు 5 శాతం" అనే ఉంది. కొత్తదానిలో అది అలాగే ఉండిపోతే?

లెక్కల_మాస్టారు | జూలై 4, ఉదయం 6:20

పద్మ గారూ, మీరు పెంచితే నెలకు 1,100 ఎక్కువ వస్తుంది. పదకొండు నెలలకు 12,100. మీరు వదులుకుంటున్నది అదీ.

పెంచారనే కోపంతో వాళ్ళు వెళ్ళిపోయారనుకోండి. 22,000 ఇల్లు రోజుకు 733 రూపాయలు. అంటే పదిహేడు రోజులు ఖాళీగా ఉంటే ఆ 12,100 పోయినట్టే. నిజాంపేట వైపు టు-లెట్ బోర్డు కట్టిన పదిహేడో రోజుకి కొత్తవాళ్ళు దిగి, పాలు పొంగించి, అద్దె మొదలెట్టడం నేను పెద్దగా చూడలేదు. పాతవాళ్ళు ఖాళీ చేయాలి, రంగులు వేయాలి, ఆరాలి, తర్వాత ఆషాఢమో శూన్యమాసమో అడ్డం వస్తుంది.

మీ వీధిలో కొత్తవాళ్ళకి 25,000 పలుకుతుంది అని ఎవరైనా చెప్పొచ్చు. సరే, 3,000 చొప్పున పదకొండు నెలలకు 33,000 ఎక్కువ. ఒక నెల ఖాళీకి 22,000 తీసేయండి. బ్రోకర్ ద్వారా వస్తే సగం నెల అద్దె, 12,500 తీసేయండి. పదిహేను వందలు చేతి నుంచే పడ్డాయి. బ్రోకర్ లేకుండా దొరికితే పదకొండు వేలు మిగులుతుంది, కానీ కొత్తాయన ఒకటో తారీఖు మనిషో ఇరవయ్యో తారీఖు మనిషో తెలియదు.

రంగుల ఖర్చు కావాలనే కలపలేదు. మన దగ్గర అది ఎలాగూ ఖాళీ చేసేవాళ్ళ అడ్వాన్సులోనే కోస్తారు కదా. (అద్దెకున్న రోజుల్లో నాకూ నెల అద్దె కోశారు. గోడలకు మాత్రం ఒక్క పూతే వేశారు.)

కొండాపూర్_సుధ | జూలై 4, ఉదయం 8:02

మాస్టారూ, ఒకటి వదిలేశారు. వదులుకునేది ఈ ఒక్క ఏడాది 12,100 కాదు. ఇప్పుడు పెంచితే 23,100, వచ్చేసారి దాని మీద ఐదు శాతం వేస్తే 24,255. ఇప్పుడు ఆపితే వచ్చేసారి 23,100 దగ్గరే ఉంటారు. అంటే వచ్చేసారి కూడా నెలకు 1,155 తక్కువ. వాళ్ళు ఉన్నన్నాళ్ళూ ఆ తేడా వెంట వస్తూనే ఉంటుంది. పద్మ గారు పెంచాలని కాదు నేననేది. ఎంత ఇస్తున్నారో తెలిసి ఇవ్వాలి కదా.

లెక్కల_మాస్టారు | జూలై 4, ఉదయం 8:15

ఒప్పుకుంటున్నా. అది నేను చూసుకోవాల్సింది.

దస్తావేజు_తాత | జూలై 4, ఉదయం 11:47

ముప్ఫై ఏళ్ళు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట కూర్చుని దస్తావేజులు రాశాను. ఇప్పుడు కళ్ళు సహకరించక మానేశాను. తప్పులుంటే మనవడివి, వాడే టైపు చేస్తున్నాడు.

ముందు మారేడుపల్లి బాబుకి. ఏడాది మించిన లీజు రిజిస్టరు కావాలన్నది నిజమే, 1908 చట్టం నుంచీ ఉన్నదే. పన్నెండేళ్ళ మాట మాత్రం వీధి అరుగు మీద పుట్టింది. ఆ లెక్క, ఓనరు హక్కును కాదని నలుగురికీ తెలిసేలా ఆక్రమించి కూర్చున్నవాడి సంగతి. అద్దె కట్టేవాడు ప్రతి నెలా "ఇల్లు మీది" అని ఒప్పుకుంటూనే కడుతున్నాడు. అద్దెకు ఉన్నంతకాలం ఆయన ఓనరు హక్కును కాదనలేడు కూడా. పద్మమ్మకు వచ్చిన బ్యాంకు ఎంట్రీలన్నీ అందుకు సాక్ష్యమే. కాబట్టి మూడేళ్ళకోసారి మనుషుల్ని తోలేయక్కర్లేదు.

ఇప్పుడు పద్మమ్మ మెసేజ్. మనసు బాగుంది, మాటలు ప్రమాదం.

"ఎంతకాలమైనా" అని ఓనరు రాయకూడదు. రేపు మీ అబ్బాయి పెళ్ళై కింద పోర్షన్ కావాలంటే ఆ మాట మీకే అడ్డం. కోర్టు దాకా పోతుందని కాదు, వాళ్ళు ఆ మాట నమ్ముకుని పాపని దగ్గరి స్కూల్లో వేసేస్తారు. అప్పుడు ఖాళీ చేయమనడానికి మీకే నోరు రాదు.

"అద్దె పెంచం" అన్నదానికి గడువు లేదు. ఈ పదకొండు నెలలకా, ఎప్పటికీనా? మీ మనసులో ఒకటి, చదివేవారి మనసులో ఇంకొకటి. తేదీ నుంచి తేదీ దాకా రాయాలి.

"దానంతటదే పొడిగించినట్టు" అన్నిటికంటే చిక్కు. పాత కాగితాన్నే సాగదీస్తే, మొత్తం కలిపి ఏడాది దాటిన ఒకే లీజు అని రేపెవరైనా వాదించడానికి సందు ఇచ్చినట్టు. పదకొండు నెలలకు వేరే కాగితం, వేరే తేదీలు రాసుకోవాలి. అసలేమీ రాసుకోకుండా ఉండిపోయి మీరు అద్దె తీసుకుంటుంటే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం అది నెలనెలా అద్దెగా నడుస్తుంది. మీరైనా వాళ్ళైనా పదిహేను రోజుల నోటీసుతో తెంచుకోవచ్చు. మీ కాగితంలో రెండు నెలల నోటీసు అని ఉండే ఉంటుంది. గడువు దాటాక అది వర్తిస్తుందా అని అప్పుడు మొదలవుతుంది గొడవ.

ఇంకొకటి, అడ్వాన్సు. మీరు ఎంత తీసుకున్నారు, ఎప్పుడు?

పైఅంతస్తు_పద్మ | జూలై 4, మధ్యాహ్నం 1:30

40,000 తాతగారూ. 2022లో, రెండు నెలలది. తర్వాత అద్దె పెరిగినా అడ్వాన్సు పెంచలేదు. నోటీసు మీరన్నట్టు రెండు నెలలే. పోయిన రెండు సార్లూ కొత్త కాగితం రాసుకున్నాం గానీ అడ్వాన్సు గడిలో "రెండు నెలల అద్దె" అని ఊరికే నింపేశారు, నోటరీ దగ్గర ఉండే ఫారమే.

దస్తావేజు_తాత | జూలై 4, సాయంత్రం 4:05

చూశారా. రెండు నెలల అద్దె అంటే ఇప్పటి లెక్కలో 44,000. మీ చేతిలో ఉన్నది 40,000. ఖాళీ చేసే రోజు ఈ నాలుగు వేల దగ్గరే మాటా మాటా పెరుగుతుంది, రెండు వైపులా మంచివాళ్ళే అయినా. "2022లో ఇచ్చిన 40,000 రూపాయల అడ్వాన్సే ఈ అగ్రిమెంటుకూ కొనసాగుతుంది" అని అంకెల్లో, అక్షరాల్లో రాయించండి. కొత్త కాగితంలో "అడ్వాన్సు చెల్లించారు" అని మాత్రమే ఉంటే, మళ్ళీ ఇంకోసారి ఇచ్చినట్టు కూడా చదవొచ్చు.

ఇక ఐదు శాతం సంగతి. వదిలేస్తున్నారా, వాయిదా వేస్తున్నారా? ఈ రెండూ వేరు. వాయిదా అయితే వచ్చేసారి పది శాతం అడుగుతారు, అప్పుడిది బహుమతి కాదు అప్పు. వదిలేస్తే ఆ మాట రాయండి, వచ్చేసారి ఏ అంకె మీద లెక్కేస్తారో కూడా రాయండి. సుధమ్మ చెప్పిన తేడా మీరు భరిస్తానంటేనే.

కాగితం ఎప్పటిలాగే వంద రూపాయల స్టాంపు మీద రాసుకుంటారు కదా. నోటరీ ముద్ర పడింది కాబట్టి రిజిస్టరు అయిపోయిందని మాత్రం అనుకోవద్దు. నోటరీ సంతకాలకు సాక్షి, అంతే.

మారేడుపల్లి_మాట | జూలై 4, రాత్రి 7:50

పన్నెండేళ్ళ విషయం సరే తాతగారూ, మా నాన్నగారికి చెప్పినా వినరనుకోండి. కానీ పొగడ్త మీద నా మాట వెనక్కి తీసుకోను. "మీరు సమయానికి కడుతున్నారు" అని రాస్తే, రేపు వాళ్ళు ఆలస్యం చేసి మీరు ఖాళీ చేయమంటే అదే చూపించి "మేం ఎప్పుడూ సరిగ్గా కట్టేవాళ్ళమే" అంటారు.

దస్తావేజు_తాత | జూలై 4, రాత్రి 8:20

అనొచ్చు. ఆ రోజు వరకూ కట్టారన్నది నిజమే కాబట్టి అననీ. తర్వాతి ఆలస్యాన్ని బ్యాంకు తేదీలు చెప్తాయి. పొగడ్తకు అంకె తోడుంటే నష్టం లేదు. "ఇన్ని నెలలు ఐదో తారీఖు దాటలేదు" అన్నది లెక్క. "మా ఇంటి మనుషులు" అన్నది మాట. లెక్క రాయండి, మాట మెట్ల మీద చెప్పండి.

పైఅంతస్తు_పద్మ | జూలై 5, ఉదయం 10:10

అయ్యో, ఇంకో తలనొప్పి చెప్పడం మరిచాను. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళది అక్టోబరులో అయిపోతుంది. వాళ్ళు మనుషులు మంచివాళ్ళే గానీ అద్దె పదో తారీఖు, పన్నెండో తారీఖు. రెండుసార్లు గుర్తు చేస్తే గానీ రాదు. వాళ్ళకు ఐదు శాతం పెంచాలనే ఉంది. ఇద్దరు ఆడవాళ్ళూ సాయంత్రం గేటు దగ్గర కూరగాయల బండి వచ్చినప్పుడు మాట్లాడుకుంటారు. తెలియకుండా ఉంటుందా?

కొండాపూర్_సుధ | జూలై 5, ఉదయం 10:44

తెలుస్తుంది. "ఎవరికీ చెప్పకండి" అని మాత్రం రాయకండి, అది ఇంకా త్వరగా తెలుస్తుంది. కారణం ఎలాగూ మెసేజ్‌లో ఉంది. కింద వాళ్ళు అడిగితే "ఐదో తారీఖులోపు కట్టిన వాళ్ళకు ఆపాం" అని చెప్పండి.

టులెట్_బాధితుడు | జూలై 5, ఉదయం 11:15

ఇక్కడ నాకు కొంచెం గుచ్చుకుంటోంది సుధ గారూ. గ్రౌండ్ ఫ్లోర్ ఆయనకు జీతం ఎప్పుడు పడుతుందో కనుక్కున్నారా? మా కజిన్ ఒకడు చిన్న కంపెనీలో పని చేస్తాడు, జీతం ఎనిమిదో తారీఖు దాటాకే. వాడు ఐదో తారీఖుకి ఎక్కడి నుంచి తెస్తాడు? ప్రతి నెలా పన్నెండుకి కడితే అది కూడా ఒక రకంగా టైమే కదా.

కొండాపూర్_సుధ | జూలై 5, ఉదయం 11:32

అలా అయితే ముందే చెప్పి అగ్రిమెంటులో పదో తారీఖు పెట్టించుకోవాలి. రెండుసార్లు ఫోన్ చేయించుకోవడం వేరు.

టులెట్_బాధితుడు | జూలై 5, ఉదయం 11:40

అడిగితే ఎంతమంది ఓనర్లు ఒప్పుకుంటారు చెప్పండి.

దస్తావేజు_తాత | జూలై 5, మధ్యాహ్నం 12:55

అది అక్టోబరు సంగతి, అప్పుడు చూద్దాం. ముందు ఇది పంపండమ్మా:

"నమస్తే. మన అగ్రిమెంటు ఆగస్టు 31తో ముగుస్తుంది. మీకు ఇష్టమైతే 1 సెప్టెంబరు 2025 నుంచి 31 జూలై 2026 వరకు పదకొండు నెలలకు కొత్త అగ్రిమెంటు రాసుకుందాం. ఈ పదకొండు నెలలకు అద్దె ఇప్పుడున్న 22,000 రూపాయలే. ఈసారి పెంచాల్సిన ఐదు శాతం వదిలేస్తున్నాం, తర్వాత కలిపి అడగం. వచ్చే రెన్యువల్‌లో పెంపు ఉంటే 22,000 మీదే లెక్క. మెయింటెనెన్స్, కరెంటు, నోటీసు గడువు ఇప్పటిలాగే. 2022లో మీరిచ్చిన 40,000 అడ్వాన్సు అదే కొనసాగుతుంది. మీరు వచ్చినప్పటి నుంచి 32 నెలల అద్దె ఒక్కసారి కూడా ఐదో తారీఖు దాటకుండా పంపారు, అందుకే ఈ నిర్ణయం. చాలా థాంక్స్. మీ మాట జూలై 31లోపు చెప్పండి. ఇల్లు మారే ఆలోచన ఉంటే మొహమాటపడకుండా చెప్పండి."

జూలై 31 అని ఎందుకు పెట్టానంటే, వాళ్ళు వద్దంటే బోర్డు కట్టుకోవడానికి మీకు నెల రోజులైనా ఉండాలి.

పైఅంతస్తు_పద్మ | జూలై 6, రాత్రి 8:35

పంపాను. ఏం జరిగిందో చెప్తే తాతగారికి కోపం వస్తుందేమో.

మధ్యాహ్నం మూడింటికి పంపాను. ఐదు నిమిషాల్లో ఆ అమ్మాయి మెట్లెక్కి వచ్చేసింది, చేతికి పిండి అంటుకునే ఉంది. మొహం పాలిపోయింది. "ఆంటీ, ఏమైనా తప్పు చేశామా?" అంది. నాకేం అర్థం కాలేదు. ఫోన్ చూపించింది. తెరిచి చదవలేదు, పైన కనిపించే ఒక్క లైను చూసి వచ్చేసింది: "నమస్తే. మన అగ్రిమెంటు ఆగస్టు 31తో ముగుస్తుంది. మీకు..." అంతవరకే కనిపిస్తోంది. ఖాళీ చేయమంటున్నామనుకుంది పిల్ల. పాప స్కూలు, వ్యాను, అన్నీ బుర్రలో తిరిగాయట మెట్లెక్కే లోపల.

కూర్చోబెట్టి మొత్తం చదివించాను. చదివి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆంటీ, సింకు కింద పైపు కారుతోంది. రెండేళ్ళైంది. గిన్నె పెడుతున్నాం, రోజూ రాత్రి పారబోస్తున్నాం" అంది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "రిపేరు చెప్తే అద్దె పెంచుతారని ఊరుకున్నాం" అంది.

వెళ్ళి చూశాను. స్టీలు గిన్నె. అంచు వరకు నీళ్ళున్నాయి. కింద చెక్క అర ఉబ్బిపోయి తలుపు పడటం లేదు.

దస్తావేజు_తాత | జూలై 6, రాత్రి 9:20

తప్పు నాదేనమ్మా. దస్తావేజులో తేదీలు ముందు, కారణం వెనక. చేతికి అదే అలవాటు. థాంక్స్, 22,000 ముందు పెట్టి ఉండాల్సింది. ఫోన్లో ఒక్క లైనే కనిపిస్తుందని మనవడు ఇప్పుడు చెప్తున్నాడు, నిన్న ఎందుకు చెప్పలేదో.

బీరంగూడ_శ్రీను | జూలై 6, రాత్రి 9:48

పైపు ఖర్చు ఎవరిదండీ, ఓనరుదా అద్దెవాళ్ళదా?

పైఅంతస్తు_పద్మ | జూలై 7, ఉదయం 11:05

మాదేనండీ, ఇంటి పైపు కదా. పొద్దున ప్లంబర్ వచ్చాడు. వాషరు పోయిందంతే. మూడు వందల యాభై తీసుకున్నాడు. అర మాత్రం మార్చాలి, కార్పెంటర్ ఆదివారం వస్తానన్నాడు.

కొత్త అగ్రిమెంటుకి వాళ్ళు సరేనన్నారు. గ్రౌండ్ ఫ్లోర్ ఆవిడ నిన్న సాయంత్రమే గేటు దగ్గర అడిగేసింది, "పైవాళ్ళకి పెంచలేదంట కదా?" అని. అక్టోబరులో మాట్లాడదాం అన్నాను. జీతం ఎన్నో తారీఖుకి పడుతుందో అడుగుదామనుకున్నాను గానీ నోరు రాలేదు.